లాంగ్ టర్మ్‌లో వేద్దామా వద్దా: ముందు ప్రశ్నపత్రం తీసి చూడండి

2025 జూన్ 14న నీట్ ఫలితాలొచ్చాయి. ఆ సాయంత్రమే జనగామ నుంచి మా అక్క ఫోన్. "ఒరేయ్ తమ్ముడూ, దీనికి 396 వచ్చినయ్‌రా. లాంగ్ టర్మ్‌లో వేద్దామా, లేకపోతే ఏదో ఒకదాంట్లో జాయిన్ చేసేద్దామా?" నేను పదకొండేళ్లు లాంగ్ టర్మ్ బ్యాచ్‌లకు ఫిజిక్స్ చెప్పాను, ఇప్పుడు చెప్పడం లేదు. ఈ ప్రశ్న కొన్ని వందల మంది తల్లిదండ్రులు అడిగారు. పని చేసిన రోజుల్లో నిజం చెప్పడానికి కొంచెం ఇబ్బందిగా ఉండేది, ఎందుకంటే జూన్‌లో అడ్మిషన్లు తేవడం కూడా మా ఉద్యోగంలో భాగమే. సొంత మేనకోడలి విషయంలో ఆ ఇబ్బంది లేదు కాబట్టి, ఆ పది రోజులు మేం ఏం చేశామో ఉన్నదున్నట్టు రాస్తున్నా.

గ్యాప్ ఇయర్ అంటే బయట దేశాల్లో ఊళ్లు తిరగడం, ఏదో పని నేర్చుకోవడం లాంటివి ఉంటాయేమో. మన దగ్గర ఇంటర్ అయ్యాక ఏడాది ఆగడమంటే నూటికి తొంభై ఇళ్లల్లో అర్థం ఒక్కటే: మళ్లీ పరీక్ష రాయడం. అందుకే ఇక్కడ నీట్ లాంగ్ టర్మ్ గురించే మాట్లాడతాను.

అసలు ఈ నీట్ విషయంలోనే పిల్లలు ఎక్కువగా ఏళ్లకేళ్లు కొట్టుకుపోవడానికి ఒక కారణం ఉంది. జేఈఈ అడ్వాన్స్‌డ్ వరుసగా రెండేళ్లలో రెండుసార్లే రాయొచ్చు. అంటే మనకు మనసొప్పకపోయినా నిబంధనే చేయి పట్టి ఆపేస్తుంది. నీట్‌కు అలాంటి లెక్క లేదు. ఎన్నిసార్లయినా రాయొచ్చు, గరిష్ఠ వయసు పరిమితిని కూడా 2022లో తీసేశారు. ఇది మంచి నిర్ణయమే, పెళ్లయి పిల్లలున్నవాళ్లు కూడా రాస్తున్నారు. కానీ ఎక్కడ ఆగాలో చెప్పేవాళ్లు ఎవరూ లేకుండా పోయారు. కాలేజీ వాళ్లు ఆపరు, వాళ్లెందుకు ఆపుతారు? పిల్లాడు తనంతట తాను "ఇక చాలు" అనలేడు, ఎందుకంటే అలా అంటే అప్పటిదాకా పెట్టిన డబ్బు దండగైనట్టు ఒప్పుకున్నట్టే.

అక్కకు చెప్పిన మొదటి మాట, మార్కులు పక్కన పెట్టి ర్యాంకు చూడమని. ఇది చాలామంది చేయరు. 2024లో 600 మార్కులు తెచ్చుకున్నవాళ్లకు ఆలిండియా ర్యాంకు దాదాపు 80 వేలు. 2025లో అదే 600కి దాదాపు 1,300. పేపర్ మారింది, అంతే. 2024లో సవరించిన ఫలితాల తర్వాత కూడా 17 మందికి 720కి 720 ఉన్నాయి, 2025లో దేశంలో మొదటి ర్యాంకు వచ్చిన పిల్లాడికి 686. కాబట్టి "పక్కింటాయన కొడుక్కి పోయినేడు ఇన్ని వస్తే సీటు రాలేదు" అన్న మాటకు అర్థమే లేదు.

దీన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో నా పాత విద్యార్థి ఒకడి సంగతి చెప్తాను. 2023లో వాడికి 470. లాంగ్ టర్మ్‌లో చేరాడు, 2024లో 560 వచ్చాయి. తొంభై మార్కులు పెరిగాయని వాళ్ల నాన్న పొంగిపోయి, "ఇంకొక్క ఏడాది కష్టపడితే గవర్నమెంట్ సీటే సార్" అని రెండో లాంగ్ టర్మ్ పెట్టించాడు. 2025లో వాడికి 455. ఇంట్లో పెద్ద గొడవ, ఫోన్ పట్టుకుని పాడైపోయాడని. పాపం వాడు ఏమీ పాడైపోలేదు. మూడేళ్ల ర్యాంకులు పక్కపక్కన పెట్టి చూస్తే మొదటిసారి లక్షా అరవై వేల దరిదాపుల్లో ఉన్నాడు, రెండోసారి లక్షా ముప్పై వేలు, మూడోసారి కూడా లక్షా ముప్పై వేలే. అంటే మొదటి ఏడాదిలో పెరిగింది తక్కువ, రెండో ఏడాదిలో తరిగింది ఏమీ లేదు. వాడు నిలబడ్డ చోటే నిలబడి ఉంటే, పేపర్ ఒకసారి పైకెత్తి చూపించింది, ఇంకోసారి కిందకు దించి చూపించింది. ఆ సంగతి 2024 జూన్‌లోనే ఐదు నిమిషాల్లో తెలిసిపోయేది, ఎవరైనా మార్కుల మీద మురిసిపోకుండా ర్యాంకు కార్డు తీసి ఉంటే.

ర్యాంకు చూశాక దాన్ని దేనితో పోల్చాలి? తెలంగాణలో అయితే వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ, ఆంధ్రాలో అయితే విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ ఒక్కో విడత కౌన్సెలింగ్ తర్వాత ఎవరికి ఎక్కడ సీటొచ్చిందో జాబితాలు పెడతాయి. అందులో మీ కేటగిరీలో, మీ లోకల్ ఏరియాలో, కన్వీనర్ కోటాలో ఆఖరి విడతలో వచ్చిన చివరి ర్యాంకు వెతకండి. మొదటి విడత చూసి గుండెలు బాదుకోవద్దు, చివరి విడతకొచ్చేసరికి ర్యాంకు బాగా కిందికి దిగుతుంది. ఆ చివరి ర్యాంకుకీ మీ పిల్ల ర్యాంకుకీ మధ్య ఉన్నదే మీరు దాటాల్సిన దూరం. ఆ దూరం అదే ఏడాది పేపర్లో ఎన్ని మార్కులవుతుందో అప్పుడు లెక్కేసుకోండి. మా మేనకోడలికి అది నలభై, నలభైయైదు మార్కుల మధ్య తేలింది. ప్రైవేటు కాలేజీల్లో మేనేజ్‌మెంట్ సీటు, అంటే బీ కేటగిరీ అయితే ర్యాంకు ఇంకా వెనక్కి వెళ్తుంది కానీ ఫీజు ఏడాదికి పది లక్షలు దాటుతుంది, మా అక్కావాళ్లది ఎరువుల దుకాణం, ఆ మాటే లేదు.

దూరం తెలిసింది. ఇప్పుడు అసలు ప్రశ్న, ఆ నలభైయైదు మార్కులు ఏడాదిలో వచ్చేవేనా? దీనికి అందరూ పిల్ల మొహం చూసి జవాబు చెప్తారు. "బాగా కష్టపడుతుంది సార్", "కాస్త సీరియస్‌గా చదివితే వచ్చేస్తుంది". నేను మొహం చూడను, పేపర్ చూస్తాను. నీట్‌లో ప్రశ్నపత్రం బుక్‌లెట్ ఇంటికి తెచ్చుకోనిస్తారు, ఓఎంఆర్ షీటు కాపీ, కీ రెండూ ఆన్‌లైన్‌లో పెడతారు. కాబట్టి పిల్ల ఏ ప్రశ్నకు ఏం పెట్టిందో ఒక్కటి కూడా వదలకుండా తెలుసుకోవచ్చు. ఆదివారం జనగామ వెళ్లి ఇద్దరం వరండాలో కూర్చుని ఆ పని చేశాం.

మొత్తం 180 ప్రశ్నలు: బయాలజీ 90, ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45. ఒప్పుకు 4, తప్పుకు మైనస్ 1. తనకు బయాలజీలో 70 ఒప్పు, 12 తప్పు, 8 వదిలేసింది, 268 మార్కులు. కెమిస్ట్రీలో 27 ఒప్పు, 16 తప్పు, 92 మార్కులు. ఫిజిక్స్‌లో 13 ఒప్పు, 16 తప్పు, 16 వదిలేసింది, 36 మార్కులు. ఆ ఏడాది ఫిజిక్స్ అందరినీ ఏడిపించింది నిజమే, అయినా 36 మరీ తక్కువ.

"నెగటివ్ మార్కులే ముంచాయి మామయ్యా" అంది. ప్రతి పిల్లా ఇదే అంటుంది. నిజమా కాదా చూద్దామని, ఒక్కో ప్రశ్న పక్కన తెలిసి పెట్టిందా, గుడ్డిగా పెట్టిందా నిజాయితీగా రాయమన్నాను. ఫిజిక్స్‌లో గుడ్డిగా పెట్టినవి 16. వాటిలో 4 తగిలాయి, 12 పోయాయి. నాలుగు నాలుగులు పదహారు, మైనస్ పన్నెండు, మిగిలింది 4 మార్కులు. అంటే గుడ్డిగా పెట్టడం వల్ల తనకు నష్టం రాలేదు, నాలుగు మార్కుల లాభమే వచ్చింది. లెక్క ప్రకారం అలాగే రావాలి కూడా: నాలుగు ఆప్షన్లలో నాలుగుసార్లు రాయి విసిరితే ఒకటి తగులుతుంది, మూడు పోతాయి, నాలుగులోంచి మూడు తీస్తే ఒకటి మిగులుతుంది. కాబట్టి నెగటివ్ మార్కుల కథ తీసి పక్కన పెట్టాం. మిగిలిన విషయం మాత్రం గట్టిగానే తగిలింది: 45లో తనకు నిజంగా తెలిసి ఒప్పు పెట్టినవి తొమ్మిది.

అప్పుడు వదిలేసిన 16 ప్రశ్నలూ, తెలుసనుకుని తప్పు పెట్టిన నాలుగూ ఏ చాప్టర్లవో రాశాం. ఇరవైలో పద్నాలుగు ఒక్క తీరుగా ఉన్నాయి. వాలుతలం మీద దిమ్మె, వృత్తాకార చలనం, రెండు ఆవేశాల మధ్య విద్యుత్ క్షేత్రం, అయస్కాంత క్షేత్రంలో తీగ. చాప్టర్లు వేరువేరు. కానీ ఒక తెల్లకాగితం ఇచ్చి "వాలు మీద దిమ్మె గీసి, దాని మీద బలాలు గీయి" అన్నాను. దిమ్మె గీసింది. బరువును నిట్టనిలువుగా కిందకు గీయకుండా వాలు వెంబడి గీసింది. ఎందుకలా అని అడిగితే, "జారేది అటే కదా" అంది.

ఆ ఒక్క బాణం గుర్తు చూసి నాకు సగం టెన్షన్ తగ్గింది. తనకు వెక్టర్స్ రావు. బలాన్ని రెండు భాగాలుగా విడగొట్టడం ఎప్పుడూ అర్థం కాలేదు, సైన్ ఎక్కడ కాస్ ఎక్కడ అన్నది బట్టీ పట్టింది. ఇంటర్ ఫస్టియర్‌లో మొదటి నాలుగు నెలల్లో ముగ్గురు ఫిజిక్స్ లెక్చరర్లు మారారట, సరిగ్గా ఆ చాప్టర్లు జరిగే సమయంలో. ఆ తర్వాత వచ్చిన ప్రతి చాప్టరూ ఆ లేని పునాది మీదే కట్టుకుంటూ పోయారు. ఇలాంటి గొయ్యి ఏడాదిలో పూడుతుంది. నిజం చెప్పాలంటే, మంచివాళ్లు పట్టుకుని కూర్చోబెడితే మూడు వారాల్లో పూడుతుంది, మిగతా ఏడాది దాని మీద లెక్కలు చేయడానికి సరిపోతుంది.

ఇప్పుడు ఆ పాత విద్యార్థి పేపర్ పక్కన పెట్టి చూడండి. వాడి తప్పుల్లో ఒక తీరు అంటూ ఉండేది కాదు. ఒక టెస్టులో ఆర్గానిక్‌లో నాలుగు, ఇంకో టెస్టులో జెనెటిక్స్‌లో మూడు, మరోసారి ఆప్టిక్స్. అన్నీ కాస్త కాస్త వచ్చు, ఏదీ పూర్తిగా రానిది కాదు. అలాంటివాడికి లాంగ్ టర్మ్ ఏం చేస్తుంది? అవే చాప్టర్లు మొదటి నుంచి మళ్లీ చెప్తుంది. వింటుంటే అన్నీ తెలిసినట్టే ఉంటుంది, ఆ తెలిసినట్టుండటమే ప్రమాదం. వాడికి కావాల్సింది క్లాసులు కాదు, రోజూ టైమ్ పెట్టుకుని లెక్కలు చేయడం, ఆ పని ఇంట్లోనో డిగ్రీ చదువుతూనో కూడా చేసుకోవచ్చు.

అందుకే నా కొలబద్ద ఇంతే. మార్కులు పోవడానికి ఒక చోటు, ఒక కారణం చూపించగలిగితే ఆ ఏడాదికి పని ఉంది. ఫస్టియర్ సరిగా జరగలేదు, టైఫాయిడ్ వచ్చి రెండు నెలలు పోయాయి, ఇంటర్ పుస్తకాలు మాత్రమే చదివి ఎన్‌సీఈఆర్‌టీ బయాలజీ ముట్టుకోలేదు (నీట్ బయాలజీ చాలావరకు ఆ పుస్తకంలోని వాక్యాల చుట్టూనే తిరుగుతుంది), ఇలాంటివి. "ఇంకా బాగా చదవాలి" అన్నది కారణం కాదు. దానికి మందు లేదు.

సరే, చేర్చాలని తేల్చాం. హాస్టల్‌తో కలిపి మేం అడిగిన చోట్ల లక్షన్నర నుంచి రెండున్నర లక్షల దాకా చెప్పారు. ఫీజు విషయంలో బేరం ఉంటుంది, మొదట చెప్పిన అంకెకు తలూపకండి. అంతకంటే ముఖ్యంగా బ్యాచ్‌లో ఎంతమంది, టెస్టు అయ్యాక తప్పుల మీద ఎవరైనా కూర్చుంటారా అని అడగండి. నేను పనిచేసిన చోట ఒక సెక్షన్‌లో తొంభై మంది ఉండేవాళ్లు. వాళ్లలో ఎవరు బాణం ఎటు గీస్తున్నారో నాకెలా తెలుస్తుంది?

ఏడాది చేజారేది ఎక్కువగా మొదట్లోనే. జూన్‌లో ఫలితాలు, ఆ తర్వాత కౌన్సెలింగ్. 2025లో అది విడతలు విడతలుగా అక్టోబరు దాటి సాగింది. "ఏమో, చివరి విడతలో బీడీఎస్ అయినా వస్తుందేమో" అని ఎదురుచూస్తూ పుస్తకం తెరవని పిల్లలు చాలామంది. దసరా దాటాక చేరి, డిసెంబరు, జనవరిలో సిలబస్ అయిపోయే బ్యాచ్ వెనక పరిగెడతారు. కౌన్సెలింగ్‌కు సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేయడం, వెబ్ ఆప్షన్లు పెట్టడం పెద్దవాళ్లు చూసుకోవాలి, పిల్ల జూన్ చివరికల్లా చదువులో ఉండాలి. సీటొస్తే అప్పుడు మానేయొచ్చు, కట్టిన మొదటి వాయిదా పోతుంది, పోనీ. అందుకే మొత్తం ఫీజు ఒకేసారి కట్టొద్దు.

ఇక చేరాక సరిగ్గా సాగుతోందో లేదో ఎలా తెలుస్తుంది? కాలేజీ వీకెండ్ టెస్టుల మార్కులు నమ్మకండి, ఆ వారం చెప్పిన చాప్టర్ల మీదే పెడతారు, అందరికీ బాగానే వస్తాయి. మేం చేసింది వేరు. పిల్ల ఎప్పుడూ చేయని పాత నీట్ పేపర్ ఒకటి తీసి, మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు, అసలు పరీక్ష జరిగే వేళకే రాయించడం. తెలిసి పెట్టినదానికి టిక్, గుడ్డిగా పెట్టినదానికి చుక్క. మొత్తం మార్కులు చూడం. ఫిజిక్స్‌లో టిక్ పెట్టి ఒప్పయినవి ఎన్ని, అదొక్కటే. జూన్‌లో అది 9. ఆగస్టులో రాఖీకి ఇంటికొచ్చినప్పుడు 14. దసరా సెలవుల్లో 19.

దసరాకి ఈ అంకె 12 దగ్గరే ఉండి ఉంటే ఏం చేయాలో కూడా జూన్‌లోనే మాట్లాడుకున్నాం, పిల్ల ముందరే. అది ముందే తేల్చుకోవాలి, తర్వాత ఎవరికీ మనసొప్పదు. హాస్టల్ మాన్పించి ఇంటికి తెచ్చుకుని, ఒక్క ఫిజిక్స్‌కు మాత్రం విడిగా ఎవరి దగ్గరైనా చెప్పిద్దాం, మిగతా సమయం ఈఏపీసెట్ మీద పెడదాం అనుకున్నాం. ఏదేమైనా ఈఏపీసెట్ బైపీసీ మళ్లీ రాస్తుంది: బి.ఫార్మసీ, ఫార్మ్‌డీ, అగ్రికల్చర్ బీఎస్సీ ఆ ర్యాంకుతోనే వస్తాయి. వెటర్నరీ, ఆయుర్వేదం, హోమియో నీట్ ర్యాంకుతోనే. అప్లికేషన్లు ఎవరికి వారు చూసుకుని వేసుకోవాలి, ఒకటి వేస్తే అన్నిటికీ వెళ్లదు. మధ్యలో ఏదైనా కోర్సులో చేరి వదిలేద్దామనుకునేవాళ్లు మాత్రం చేరే ముందే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎప్పుడిస్తారు, మిగిలిన ఏళ్ల ఫీజు అడుగుతారా, బాండు ఉందా అని కాగితం మీద రాయించుకోండి. నోటి మాటలు అక్టోబరుకి ఎవరికీ గుర్తుండవు.

అక్క భయం ఇంకొకటి, "గ్యాప్ ఉంటే రేపు ఉద్యోగాలివ్వరట కదరా". ఎంబీబీఎస్‌కు ఆ బాధ లేదు, ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు చదివినవాణ్ని ఇంటర్ ఎప్పుడైందని ఎవరూ అడగరు. ఇంజినీరింగ్ వైపు వెళ్లేవాళ్లకు కొంత ఉంది. టీసీఎస్ లాంటి కంపెనీలు ఫ్రెషర్లను తీసుకునేటప్పుడు చదువులో మొత్తం గ్యాప్ 24 నెలలు మించకూడదంటాయి, దానికి కాగితం కూడా అడుగుతాయి. అంటే ఒక లాంగ్ టర్మ్ పర్వాలేదు, రెండు పూర్తయితే గీత మీద నిలబడ్డట్టే. చేరేటప్పుడు చాలా కాలేజీలు గ్యాప్ సర్టిఫికెట్ అడుగుతాయి, నోటరీ అఫిడవిట్ సరిపోతుందా, తహసీల్దార్ ఆఫీసు నుంచే కావాలా అని ముందే కనుక్కుంటే ఆఖరి రోజు పరుగులుండవు.

రెండో లాంగ్ టర్మ్ గురించి అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: మొదటి లాంగ్ టర్మ్‌లో ర్యాంకు, మార్కులు కాదు, ర్యాంకు సగానికైనా తగ్గిందా? లక్షన్నర ఉన్నది డెబ్బై ఐదు వేలకైనా వచ్చిందా? వస్తే, ఇంకా పూడని గొయ్యి ఎక్కడుందో చూపించగలిగితే, ఆలోచించండి. లేకపోతే వద్దు. ఇది శాస్త్రం కాదు, పదకొండేళ్లలో కళ్లారా చూసి పెట్టుకున్న గీత. మా పాత విద్యార్థి ఆ గీత దాటలేదు. ఇప్పుడు బీఎస్సీ మైక్రోబయాలజీలో చేరాడు, తనకంటే రెండేళ్లు చిన్నవాళ్లతో కూర్చోవడం మొదటి నెల కష్టంగా ఉందన్నాడు, తర్వాత ఆ మాట ఎత్తలేదు.

మా మేనకోడలు సంక్రాంతికి ఇంటికొచ్చింది. భోగి మర్నాడు మధ్యాహ్నం 2019 పేపర్ రాయించాం. టిక్ పెట్టి ఒప్పయినవి 24. పాత పేపర్లు 2025 అంత కష్టంగా ఉండవు కాబట్టి దాంట్లోంచి నాలుగైదు తీసేసి చూసుకోమని అక్కకు చెప్పాను, తను తీయలేదు. కెమిస్ట్రీ మాత్రం ఉన్న చోటే ఉంది, 27 ఒప్పు ఇప్పుడు 28 అయింది. వచ్చే ఆదివారం ఆ పేపర్ ముందేసుకుని కూర్చోవాలి.